డీల్ పోస్ట్ పెట్టగానే జనం మ్యూట్ చేస్తున్నారా? చిన్న ఎలక్ట్రానిక్స్ ఛానెల్ నడిపేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఓపెన్ బాక్స్ ఫోన్లు, వాడిన లాప్‌టాప్‌లు, చార్జర్లు, ఇయర్‌బడ్స్ లాంటివి కొద్ది కొద్దిగా తెచ్చి టెలిగ్రామ్ ఛానెల్లో అమ్ముకునేవాళ్ళ కోసం ఇది. కొన్ని వందల నుంచి కొన్ని వేల మంది సబ్‌స్క్రైబర్లున్న ఛానెల్ అనుకోండి. లక్షల్లో ఉన్నవాళ్ళ లెక్కలు వేరు, అవి నాకు తెలియవు కూడా. నేను నడిపే ఛానెల్లో చేసిన తప్పులే ఇందులో సగం ఉన్నాయి.

రోజుకి ఎన్ని పోస్టులు పెట్టాలి?

ఎన్ని పోస్టులు అనేదాని కంటే రోజుకి ఎన్నిసార్లు అవతలివాళ్ళ ఫోన్ మోగుతోంది అనేది చూసుకోండి. టెలిగ్రామ్‌లో ఎవరైనా ఛానెల్లో చేరితే మామూలుగా నోటిఫికేషన్లు ఆన్‌లోనే ఉంటాయి. అంటే చేరిన రోజు వాళ్ళ ఫోన్‌ని మోగించే హక్కు మీకు ఊరికే వచ్చేస్తుంది. వాళ్ళు ఆఫీసులో మీటింగ్‌లో ఉన్నప్పుడు మీరు వరసగా ఐదు కేబుళ్ళ ఫొటోలు ఐదు పోస్టులుగా పెడితే, మూడో మోతకే మ్యూట్ నొక్కేస్తారు. ఛానెల్ వదిలి వెళ్ళినవాళ్ళు లెక్కలో తగ్గుతారు కాబట్టి కనీసం కనబడతారు. మ్యూట్ చేసినవాళ్ళు మాత్రం సబ్‌స్క్రైబర్ల సంఖ్యలో అలాగే ఉండిపోతారు, మీకు అంతా బాగున్నట్టే ఉంటుంది. ఒకసారి మ్యూట్ చేసిన ఛానెల్‌ని తిరిగి ఆన్ చేసేవాళ్ళని నేనైతే పెద్దగా చూడలేదు.

నేను పెట్టుకున్న లెక్క రోజుకి ఒక మోత, మంచి సరుకు దిగిన రోజున రెండు. మిగతావన్నీ శబ్దం లేకుండా వెళ్తాయి. పంపే బటన్‌ని నొక్కి పట్టుకుంటే `Send Without Sound` అని వస్తుంది, కంప్యూటర్‌లో అయితే ఆ బటన్ మీద రైట్ క్లిక్ చేయాలి. పోస్టు ఛానెల్లో మామూలుగానే కనబడుతుంది, అవతల ఫోన్ మాత్రం మోగదు. కేబుళ్ళు, కవర్లు, స్క్రీన్ గార్డులు, 'ఇంకో రెండు మిగిలాయి' లాంటివన్నీ ఇలాగే పంపండి. ఏది మోగాలి, ఏది మోగకూడదు అని తేల్చుకోవడానికి నేను ఒకటే చూస్తాను: ఈ సరుకు రేపటికి ఉంటుందా? రేపటికీ ఉండేదైతే మోగించను.

మ్యూట్ చేసేశారని మనకి ఎలా తెలుస్తుంది?

ఛానెల్ సమాచారంలో `Statistics` కనబడుతుంటే అందులో నోటిఫికేషన్లు ఆన్‌లో పెట్టుకున్నవాళ్ళ శాతం, ఏ రోజు ఎంతమంది మ్యూట్ చేశారనే గ్రాఫ్ ఉంటాయి. గ్రాఫ్‌లో మ్యూట్ గీత పైకి లేచిన రోజు దగ్గర ఆగి, ఆ రోజు ఏం పోస్ట్ చేశారో వెనక్కి వెళ్ళి చూడండి. నా ఛానెల్లో అలా లేచిన గీతలన్నీ ఒకే రోజు నాలుగైదు పోస్టులు మోగించిన రోజులవే.

మరీ చిన్న ఛానెళ్ళకి ఆ పేజీ కనబడకపోవచ్చు. అప్పుడు పోస్టు కింద ఉండే కన్ను గుర్తు పక్కన అంకె చాలు. పోస్టు పెట్టిన గంటకి ఎంతమంది చూశారు, 24 గంటలకి ఎంతమంది చూశారు, ఈ రెండూ ఒక కాగితం మీద రాసుకోండి. గంటకి వచ్చిన అంకె వారాల తరబడి పడిపోతూ, 24 గంటల అంకె మాత్రం పెద్దగా మారకపోతే, జనం ఉన్నారు కానీ ఫోన్ మోగడం ఆగిపోయింది అని అర్థం. తీరిక దొరికినప్పుడు వచ్చి చూసుకుంటున్నారు. రెండూ పడిపోతుంటే అసలు ఆసక్తే పోతోంది, అది సరుకు సమస్యో ధర సమస్యో అయ్యుంటుంది. పోస్టుని ఎవరైనా ఫార్వర్డ్ చేస్తే అక్కడ చూసినవాళ్ళు కూడా ఈ అంకెలోనే కలుస్తారు కాబట్టి, బాగా షేర్ అయిన ఒక్క పోస్టుని చూసి మురిసిపోవద్దు, పోల్చుకోవడానికి మామూలు పోస్టులనే తీసుకోండి.

వాట్సాప్ ఛానెల్‌కి కూడా ఇదేనా?

కాదు. అక్కడ ఫాలో అయినవాళ్ళకి నోటిఫికేషన్లు మొదటి నుంచే మ్యూట్‌లో ఉంటాయి, కావాలనుకున్నవాళ్ళే ఆన్ చేసుకోవాలి. కాబట్టి మోతల లెక్క అక్కడ అంతగా పనికిరాదు, వాళ్ళే వచ్చి చూసేదాకా సరుకు ఉండాలి. ఒక్క పీస్ ఉన్న డీల్స్‌ని నేను అక్కడ పెట్టడం మానేశాను. పైగా అక్కడి అప్‌డేట్లు 30 రోజుల వరకే నిల్వ ఉంటాయి, పాత పోస్టు లింకు చూపించి 'అప్పుడు ఇలా చెప్పాను కదా' అనడానికి కుదరదు. కింద రాసేదంతా టెలిగ్రామ్ గురించే.

ఒక డీల్ పోస్టులో ఏమేం ఉండాలి? ఒక ఉదాహరణతో చెప్పగలరా?

ఒకసారి ఆఫీసు నుంచి వచ్చిన 14 అంగుళాల లాప్‌టాప్‌లు ఆరు దొరికాయి. అన్నీ ఒకే మోడల్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ. మొదట ఇలా పెట్టాను:

> 🔥🔥 సూపర్ డీల్!! బిజినెస్ లాప్‌టాప్‌లు 🔥🔥 కండిషన్ సూపర్, బ్యాటరీ సూపర్, లిమిటెడ్ స్టాక్! త్వరపడండి! ధర కోసం మెసేజ్ చేయండి 👇

సాయంత్రానికి 34 మెసేజ్‌లు వచ్చాయి. మొదట్లో సంబరపడ్డాను. చదివితే దాదాపు అన్నీ ధర ఎంత, ఏ ప్రాసెసర్, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, గీతలున్నాయా అనేవే. ఒక్కొక్కరికి అదే సమాధానం మళ్ళీ మళ్ళీ టైప్ చేస్తూ రాత్రి పదకొండయింది. ధర చెప్పగానే చాలామంది 'ఓకే చూస్తాను' అని మాయమయ్యారు. రెండు రోజుల్లో రెండే అమ్ముడయ్యాయి, అందులో ఒకాయన బ్యాటరీ 'సూపర్' అన్నారు కదా అని నిలదీశాడు. ఆయన తప్పేం లేదు, ఆయనకి వెళ్ళిన పీస్‌లో బ్యాటరీ 62 శాతమే ఉంది. డబ్బులు వాపసిచ్చి ఆ లాప్‌టాప్ వెనక్కి తీసుకున్నాను, దాంతో మళ్ళీ ఐదు నా దగ్గరే.

తర్వాత ఒక పూట కూర్చుని ఐదింటినీ విడివిడిగా చూశాను. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొడితే ఒక హెచ్‌టీఎంఎల్ ఫైల్ వస్తుంది:

```
powercfg /batteryreport
```

అందులో `DESIGN CAPACITY` అంటే బ్యాటరీ కొత్తగా ఉన్నప్పటి సామర్థ్యం, `FULL CHARGE CAPACITY` అంటే ఇప్పుడు నిండుగా చార్జ్ చేస్తే పట్టేది. ఒకదాంట్లో 50,000, 42,000 అని ఉన్నాయి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 84 శాతం. ఇలా ఐదింటికీ లెక్క కట్టి, వెనక చిన్న స్టిక్కర్ మీద నంబర్లు రాసి అతికించి, కొత్త పోస్టు రాశాను:

> 14 అంగుళాల లాప్‌టాప్, 16 జీబీ / 512 ఎస్ఎస్‌డీ, ఒక్కోటి [ధర], 5 పీస్‌లు
>
> వాడినవి, ఆఫీసు నుంచి వచ్చాయి. ప్రాసెసర్, స్క్రీన్ రిజల్యూషన్ రెండో ఫొటోలో ఉన్నాయి.
>
> 1: బ్యాటరీ 91%, మూత మీద సన్న గీత
> 2: బ్యాటరీ 84%, గీతల్లేవు
> 3: బ్యాటరీ 79%, స్పేస్‌బార్ మీద మెరుపు
> 4: బ్యాటరీ 77%, ఎడమ మూల చిన్న సొట్ట (ఫొటో 5)
> 5: బ్యాటరీ 62%, ప్లగ్‌లో పెట్టి వాడేవాళ్ళకే. దీనికి ధర తక్కువ: [ధర]
>
> చార్జర్ ఉంది, బాక్స్ లేదు. నా వారంటీ 30 రోజులు, బ్యాటరీకి వర్తించదు.
> కావాలంటే నంబర్ రాసి మెసేజ్ చేయండి.

ఈసారి వచ్చిన మెసేజ్‌లు పదకొండు. వాటిలో ఏడు '2 కావాలి', '1 ఉందా' అనేవే. మర్నాటికి నాలుగు పోయాయి, 62 శాతంది కూడా. దాన్ని కొన్నతను దుకాణంలో బిల్లింగ్ కౌంటర్ మీద పెట్టుకుంటానన్నాడు, అతనికి బ్యాటరీతో పనే లేదు. నేను దాచాలనుకున్న లోపం అతనికి తగ్గింపు అయింది.

ఇక్కడ గమనించాల్సింది మొదటి వరస. ఫోన్ మోగినప్పుడు తెర మీద కనబడేది ఆ వరస ఒక్కటే. అది మంట బొమ్మలతోనూ 'సూపర్ డీల్' తోనూ నిండిపోతే, ఏం వస్తువో ఎంతో తెలియాలంటే లోపలికి రావాలి. నాలుగుసార్లు వచ్చి తనకి పనికిరానిది చూశాక ఐదోసారి రారు. వస్తువు, ముఖ్యమైన అంకె, ధర మొదటి వరసలోనే ఉంటే అక్కర్లేనివాళ్ళు తెరవకుండానే వదిలేస్తారు, విసుగు కూడా పడరు. అలాంటివాళ్ళు మ్యూట్ చేయరు.

ధర పోస్టులో పెడితే బేరం పోతుంది కదా? 'మెసేజ్ చేయండి' అంటే కనీసం మాట కలుస్తుంది.

మాట కలుస్తుంది, కానీ ఎవరితో? ధర తెలిశాక వెళ్ళిపోయేవాళ్ళతోనే ఎక్కువసేపు మాట్లాడాల్సి వస్తుంది. ధర దాచారంటే మనిషిని బట్టి చెబుతారేమో అనే అనుమానం కూడా ఉంటుంది, నాకైతే వేరే ఛానెళ్ళు చూసినప్పుడు అదే అనిపిస్తుంది. బేరానికి చోటు ఉంచదలిస్తే 'ధర ఖాయం' అనో 'కాస్త మాట్లాడుకోవచ్చు' అనో రాసేయండి, అంతే.

పాత ధర కొట్టేసి పక్కన కొత్త ధర రాస్తే ఆకర్షణగా ఉంటుంది కదా?

ఉంటుంది, అవతలివాళ్ళు సరిచూసుకోనంతవరకు. డబ్బా మీద ముద్రించిన ధరకి ఎలక్ట్రానిక్స్ ఎవరూ కొనరు, ఆ సంగతి మీ సబ్‌స్క్రైబర్లకీ తెలుసు. ఏడాది కిందట విడుదలైనప్పటి ధరని కొట్టేసి '50% తగ్గింపు' అని రాస్తే, అదే ఫోన్ ఇప్పుడు కొత్తది ఎంతకి దొరుకుతోందో వాళ్ళు అక్కడే వెతికి చూసుకుంటారు. వెతికితే మీ 50 శాతం కాస్తా 8 శాతమని తేలితే, తర్వాత మీరు నిజంగా 30 శాతం తగ్గించి పెట్టినా నమ్మరు.

పోల్చి చూపాలంటే ఈ రోజు అదే వేరియంట్ కొత్తది ఎంతకి దొరుకుతోందో తేదీతో సహా రాయండి. అదే వేరియంట్ అన్నది మరిచిపోకండి. 128 జీబీ ఓపెన్ బాక్స్‌ని 256 జీబీ కొత్త ధరతో పోల్చడం అందరూ చేసే పొరపాటు, కొందరు పొరపాటుగా చేయరు కూడా. తేడా తక్కువగా ఉంటే ఆ సంగతీ చెప్పేయొచ్చు. 'కొత్తదానికీ దీనికీ తేడా 9 శాతమే, వారంటీ ముఖ్యమనుకుంటే కొత్తదే కొనుక్కోండి' అని ఒకసారి రాశాను. ఆ ఇయర్‌బడ్స్ అమ్ముడవడానికి మూడు వారాలు పట్టింది, నిజమే. కానీ ఆ పోస్టుకి వచ్చినన్ని ఫార్వర్డ్‌లు అంతకుముందు ఏ డీల్‌కీ రాలేదు.

ఫొటోలు ఎలా తీయాలి?

వెబ్‌సైట్‌లో దొరికే కంపెనీ బొమ్మలు వాడిన వస్తువుకి పెట్టొద్దు. కిటికీ దగ్గర వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయండి. ఫోన్ అయితే తెర ఆఫ్ చేసి ఏటవాలుగా ఒకటి, అందులో గీతలు బయటపడతాయి. తెర ఆన్ చేసి తెల్లని పేజీతో ఇంకొకటి, అందులో మరకలూ రంగు మారిన చోట్లూ కనబడతాయి. లోపం ఉన్న చోట దగ్గర్నుంచి తీసి పక్కన ఒక నాణెం పెడితే సైజు తెలుస్తుంది. ఒక ఆల్బమ్‌లో 10 దాకా పట్టినా ఐదారు చాలు.

ఫొటోల కింద రాసే మాటకి మామూలు ఖాతాలో 1,024 అక్షరాల హద్దు ఉంది. తెలుగులో గుణింతాలు, వత్తులు కూడా విడిగా లెక్కకొస్తాయి కాబట్టి మనం అనుకున్నదానికంటే ముందే నిండిపోతుంది. పైన చూపిన లాప్‌టాప్ పోస్టు అందులో పడుతుంది. పట్టనంత రాయాల్సి వస్తోందంటే రెండు పోస్టులు కావాల్సిన సరుకుని ఒకదాంట్లో కుక్కుతున్నారేమో చూడండి.

ఇంకొకటి. డబ్బా వెనకవైపు ఫొటో పెట్టేటప్పుడు ఐఎంఈఐ నంబర్, సీరియల్ నంబర్ కప్పేయండి. నంబర్ మీద బ్లర్ వేసి బార్‌కోడ్ వదిలేస్తారు చాలామంది, దాన్ని స్కాన్ చేస్తే నంబర్ వచ్చేస్తుంది. రెండింటినీ కప్పాలి. కొనేవాళ్ళు అడిగితే వాళ్ళకి విడిగా ఇవ్వండి, సరిచూసుకోవడం వాళ్ళ హక్కు.

చార్జర్లు, పవర్ బ్యాంకుల్లాంటి చిన్న సామాన్లకి కూడా ఇంత రాయాలా?

ఇంత అక్కర్లేదు, కానీ డబ్బా మీద అంకెని ఉన్నదున్నట్టు పోస్టులో దించొద్దు. గొడవలొచ్చేది ఎక్కువగా వీటితోనే. పవర్ బ్యాంకు మీద 20,000 ఎంఏహెచ్ అని ఉంటుంది. ఫోన్ బ్యాటరీ 5,000 కాబట్టి నాలుగుసార్లు చార్జ్ అవుతుందని జనం లెక్కేస్తారు. ఆ 20,000 అనేది లోపలి సెల్‌కి, 3.7 వోల్టుల దగ్గర. అంటే 74 వాట్ అవర్లు. దాన్ని 5 వోల్టులకి పెంచి బయటికి పంపేటప్పుడు కొంత వేడి రూపంలో పోతుంది, ఫోన్ లోపల మళ్ళీ కొంత పోతుంది. చివరికి మూడుసార్లు అయితే మంచి పవర్ బ్యాంకే. మీరు పోస్టులో 'మామూలు 5,000 ఫోన్‌ని దాదాపు 3 సార్లు' అని రాస్తే ఇంటికెళ్ళి మూడుసార్లు చూసి సంతోషిస్తారు. 20,000 అని మాత్రమే రాస్తే అదే మూడుసార్లకి 'డూప్లికేట్ ఇచ్చారు' అని మెసేజ్ వస్తుంది.

చార్జర్ల విషయంలో, 65 వాట్లు అని ఉన్న రెండు పోర్టుల చార్జర్‌లో రెండూ ఒకేసారి వాడితే 65 పంచుకుంటాయి, సాధారణంగా ఒకదానికి 45, ఇంకోదానికి 20 అలా. ఎలా పంచుకుంటుందో చార్జర్ మీదే సన్న అక్షరాల్లో ఉంటుంది, అది ఫొటో తీసి పెట్టండి. యూఎస్‌బీ-సి కేబుళ్ళు చూడటానికి అన్నీ ఒకటే, కానీ 3 ఆంపియర్ల కేబుల్‌తో మామూలుగా 60 వాట్ల వరకే వెళ్తుంది. లాప్‌టాప్‌కి కొంటున్నవాళ్ళకి అది ముందే తెలియాలి.

అమ్ముడైపోయిన పోస్టుని డిలీట్ చేయాలా, ఉంచాలా?

ఉంచండి, కానీ వెంటనే ఎడిట్ చేయండి. మొదటి వరస ముందు 'అయిపోయింది' అని చేర్చి, ధర అలాగే వదిలేయండి. ఆఫీసు నుంచి బయటపడి ఆరింటికి ఛానెల్ తెరిచిన మనిషి, పొద్దున పెట్టిన డీల్ చూసి ఆశగా మెసేజ్ చేస్తే 'సారీ అయిపోయింది' అని మీరు అరగంట తర్వాత చెప్పారనుకోండి. ఇలా రెండుమూడుసార్లు జరిగితే ఆ మనిషి మీ ఛానెల్లో ఏదీ దొరకదని తీర్మానించుకుంటాడు. ఎడిట్ చేస్తే ఫోన్ మళ్ళీ మోగదు, కాబట్టి ఎన్నిసార్లు చేసినా ఇబ్బంది లేదు. లాప్‌టాప్ పోస్టులో ఒక్కో నంబర్ పోయేకొద్దీ ఆ వరస పక్కన 'అయిపోయింది' అని రాస్తూ వచ్చాను, వచ్చినవాళ్ళు మిగిలినవాటిలోంచే అడిగారు.

డిలీట్ చేస్తే పోయేదేమిటంటే, కొత్తగా చేరినవాళ్ళు పైకి జరుపుకుంటూ వెళ్ళి చూసేది ఆ పాత పోస్టులనే. నిరుడు ఏం పెట్టారు, ఎంతకి పోయింది, లోపాలు చెప్పారా, అన్నీ అక్కడ ఉంటాయి. పైగా తర్వాత ఏదైనా పేచీ వస్తే ఆ పోస్టు లింకు మీకే సాక్ష్యం. అమ్మాక మాత్రం 'అయిపోయింది' అని చేర్చడం తప్ప లోపాల వరసల్లో ఒక్క అక్షరం కూడా మార్చకండి, 'edited' అని కనబడుతుంది కాబట్టి ఏం మార్చారో అని అనుమానం వస్తుంది.

ధర తగ్గించాలంటే? పాత పోస్టునే ఎడిట్ చేస్తే సరిపోతుందా?

సరిపోదు, ఇందాక చెప్పినట్టు ఎడిట్‌కి ఫోన్ మోగదు కదా, మొదటి ధర చూసి వదిలేసినవాళ్ళకి తగ్గిందన్న సంగతే తెలియదు. పాత పోస్టుకి రిప్లై రూపంలో చిన్న కొత్త పోస్టు పెట్టండి: '4వ నంబర్ ధర తగ్గించాను, సొట్ట చూసి ఎవరూ తీసుకోలేదు'. కారణం ఒక ముక్కలో చెబితే చాలు.

ఎంత తొందరగా తగ్గించాలి అన్నది కొంచెం నిదానంగా ఆలోచించాల్సిన విషయం. నేను ఒక దశలో ప్రతి పోస్టునీ మూడో రోజున తగ్గించేవాణ్ణి. నెల తిరిగేసరికి మొదటి రోజు కొనడం మానేశారు, అందరూ మూడో రోజు కోసం కాచుక్కూర్చునేవాళ్ళు. నేనే వాళ్ళకి అలవాటు చేశాను. ఇప్పుడు కనీసం పది రోజులు ఆగుతాను, అదీ ప్రతిదానికీ కాదు. ముందు రోజే పాత ధరకి కొన్నవాళ్ళుంటే వాళ్ళకి తేడా వాపసిస్తాను, లేదా ఒక కేబుల్ ఇచ్చి పంపిస్తాను. వాళ్ళూ ఛానెల్లోనే ఉంటారు, చూస్తారు.

ఒక్కటే పీస్, ఒకేసారి పదిమంది అడిగారు. ఎవరికివ్వాలి?

మెసేజ్ వచ్చిన టైమ్ ప్రకారం. మొదటివాళ్ళకి గడువు చెప్పండి, నేను రెండు గంటలు ఇస్తాను. ఈలోపు పోస్టులో 'ఒకరికి పక్కన పెట్టాను, 7:30 వరకు' అని ఎడిట్ చేస్తాను. రెండో మనిషికి 'మీరు రెండోవారు, 7:30కి చెబుతాను' అని రాస్తాను, 7:30కి తప్పకుండా చెబుతాను కూడా, అయిపోయినా సరే. ఈ ఒక్క పనికి వచ్చిన గౌరవం నాకు తగ్గింపులకి రాలేదు. ఎక్కువ ఇస్తానన్నవాళ్ళకి తిప్పేశారనే మాట ఒక్కసారి బయటికొచ్చిందా, ఇక ఆ ఛానెల్లో క్యూ అనే మాటని ఎవరూ నమ్మరు.

సరుకు లేని రోజుల్లో ఏం పెట్టాలి? ఖాళీగా ఉంటే మరిచిపోతారేమో.

రెండు రోజులు ఖాళీగా ఉంటే ఏమీ కాదు. 'శుభోదయం' బొమ్మలు, టెక్ వార్తలు పెట్టి మోగించడం కంటే ఖాళీయే నయం. పెట్టాలనుకుంటే మాత్రం నాకు పనిచేసినవి రెండు.

ఒకటి, నేను కొనకుండా వదిలేసిన సరుకు గురించి రాయడం. ఒక లాట్‌లో పన్నెండు ఫోన్లు చూపించారు, నాలుగింటిలో పాత ఓనర్ ఖాతా తీయలేదు, రీసెట్ చేస్తే మళ్ళీ ఆ ఖాతా పాస్‌వర్డ్ అడుగుతోంది. అమ్మేవాడు 'అది మీరు తీయించుకోవచ్చు' అన్నాడు. అలాంటివి దొంగ సరుకు కూడా కావచ్చు, ఓనర్ తప్ప ఎవరూ సరిగా తీయలేరు, వదిలేసి వచ్చాను. ఆ తెరని ఫొటో తీసి, వాడిన ఫోన్ కొనేటప్పుడు మీరూ ముందు ఇది చూసుకోండి అని రాశాను, ఖాతా వివరాలు కప్పేసి. అమ్మడానికి ఏమీ లేని ఆ పోస్టుని అందరూ చదివారు.

రెండోది పోల్. కొనడానికి వెళ్ళే ముందు రోజు 'రేపు రెండు రకాలు దొరుకుతాయి, 14 అంగుళాలదా, 15.6 అంగుళాలదా?' అని అడుగుతాను. ఛానెల్ పోల్‌లో ఎవరు ఓటేశారో కనబడదు కాబట్టి మొహమాటం లేకుండా వేస్తారు. ఒక హెచ్చరిక: ఓటేసినవాళ్ళంతా కొనరు. మొదటిసారి 90 ఓట్లు చూసి ఎనిమిది తెచ్చి, నాలుగింటిని నెల దాటినా అమ్మలేకపోయాను. అందుకే పోల్‌లో మూడో ఎంపికగా 'చూడటానికే వచ్చాను' అని పెడుతున్నాను. ఎక్కువ ఓట్లు దానికే పడతాయి, మిగిలిన రెండింటి అంకెలు అప్పుడు కాస్త నిజానికి దగ్గరగా ఉంటాయి.

గివ్‌అవే పెడితే సబ్‌స్క్రైబర్లు పెరుగుతారుగా?

పెరుగుతారు, ఫలితం ప్రకటించిన మర్నాడు తగ్గుతారు. ఉండిపోయినవాళ్ళలో కూడా మ్యూట్ చేసినవాళ్ళే ఎక్కువ. నేను రెండుసార్లు చేసి మానేశాను.

వేరే ఛానెళ్ళ డీల్స్, కమీషన్ లింకులు కూడా పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కానీ అది కమీషన్ లింకు అని అక్కడే రాయండి, శబ్దం లేకుండా పంపండి. మీ దగ్గర ఉన్న సరుకూ, లింకు సరుకూ ఒకే రూపంలో కనబడితే, పాడైనప్పుడు లింకులో కొన్నది కూడా మీ దగ్గరికే తీసుకొస్తారు. నేను లింకు పోస్టుల మొదటి వరసలో 'నా స్టాక్ కాదు' అని పెడతాను.

మన పోస్టులు కాపీ కొట్టి, అదే పేరుతో ఇంకో ఛానెల్ పెట్టి అడ్వాన్సులు వసూలు చేస్తున్నారు. ఏం చేయాలి?

ఛానెల్ పేరు, బొమ్మ ఎవరైనా కాపీ చేయొచ్చు, యూజర్‌నేమ్ మాత్రం ఒకరికే ఉంటుంది. అసలు యూజర్‌నేమ్ ఏమిటి, డబ్బు ఏ పేరు మీద తీసుకుంటారు, మీరై మీరు ఎవరికీ ముందుగా మెసేజ్ చేయరు, ఈ మూడు ముక్కలు ఒక పోస్టులో రాసి పైన పిన్ చేయండి. ఫొటోలు తీసేటప్పుడు వస్తువు పక్కన యూజర్‌నేమ్, తేదీ చేత్తో రాసిన కాగితం ముక్క పెట్టండి. మూలన వేసిన వాటర్‌మార్క్‌ని కత్తిరించేస్తారు, లాప్‌టాప్ కీబోర్డు మీద పెట్టిన కాగితాన్ని తీసేయడం అంత తేలిక కాదు. నకిలీ ఛానెల్ కనబడితే టెలిగ్రామ్‌కి రిపోర్ట్ చేసి, మీ ఛానెల్లో దాని స్క్రీన్‌షాట్ పెట్టండి, లింకు మాత్రం ఇవ్వొద్దు. ఆ పోస్టుని శబ్దంతోనే పంపండి, ఆ రోజుకి అప్పటికే రెండు మోతలు అయిపోయినా సరే.